వలీమా సభలో మిత్రుని సాక్ష్యం

(సంఘ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం పైకి చాలా చిన్నది. పెండ్లిలో వరుని ప్రాణమిత్రుడు లేచి నాలుగు మాటలు చెప్పడం ఈ మధ్య మన ఇండ్లలో కూడా అలవాటైంది. పిల్లలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. సంబంధాలు కూడా దూరప్రాంతాల నుంచి కుదురుతున్నాయి. అందుచేత మిత్రుడు తన మాటలు తెలుగులో వ్రాసుకుని, తెలుగు రాని చుట్టాల కోసం మధ్య మధ్య కొన్ని ఇంగ్లీషు వాక్యాలు చేరుస్తున్నాడు. ఆ వాక్యాలు ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి, అన్నిటికంటె ముఖ్యంగా వాటిలో ఏమి ఉండాలి అన్నదే నేను చెప్పదలచుకున్నది.

ముందు ఒక మాట. దీనిని ఇంగ్లీషువారు టోస్టు అంటారు. వెనుకటి రోజులలో వారు మసాలా పూసి కాల్చిన రొట్టెముక్కను ద్రాక్షసారాయిలో వేసి త్రాగేవారట. ఆ రొట్టెముక్క పేరే, గ్లాసు ఎత్తి క్షేమం కోరే ఆచారానికి పేరైంది. మనకు ఆ గ్లాసుతో పని లేదు. షర్బతు గ్లాసు ఎత్తి వారిని అనుకరించవలసిన అవసరమూ లేదు. గ్లాసు ఎత్తే చోట మనకు దుఆ ఉన్నది. వరునికి, వధువుకు బరకత్ కలగాలని, వారిద్దరూ మేలులో కలిసి ఉండాలని కోరడం ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నేర్పిన పద్ధతి. సభ అంతా ఆమీన్ అంటే మన టోస్టు ముగిసినట్లే. ఆ మాట గుంటూరువారికీ, కాలికట్టువారికీ, కలకత్తావారికీ ఒకటే. దానికి తర్జుమా అక్కరలేదు.

ఈ మాటలు నికాహ్ సమయంలో చెప్పేవి కావు. అక్కడ ఖాజీగారి ఖుత్బా ఉంటుంది, మహర్ ప్రస్తావన ఉంటుంది, ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకోలు ఉంటుంది. దానిలో ఇతరుల ఉపన్యాసానికి చోటు లేదు. మిత్రుని వంతు వలీమాలో వస్తుంది. అప్పటికి వంటశాలలో దమ్ తీస్తూ ఉంటారు, పిల్లలు ఆకలి అంటూ ఉంటారు. కనుక నాలుగైదు నిమిషాలకు మించితే ఎంత మంచి మాటైనా ఎవరి చెవికీ ఎక్కదు.

అయితే ఈ నాలుగు నిమిషాలలో మిత్రుడు చేసే పని ఏమిటి? నేను ఇలా అనుకుంటాను. నికాహ్‌కు సాక్షులుగా ఉన్న ఇద్దరూ ఒప్పుకోలు జరిగిందని చెబుతారు. పిల్లవాడు ఎటువంటివాడో చెప్పే బాధ్యత వారిది కాదు. ఆ సాక్ష్యం ఇవ్వగలవాడు అతనితో కలిసి ఒకే గదిలో ఉండి, ఒకే కుండలో వండుకుని తిన్న స్నేహితుడే. మరి ఆ సాక్ష్యం ఎవరికి కావాలి? వరుని తల్లిదండ్రులకు అక్కరలేదు, వారికి తెలుసు. మన వీధివారికీ తెలుసు. కావలసినది బిడ్డను ఇచ్చి వెళ్ళేవారికి. సరిగ్గా వారికే మన భాష రాదు! అసలు చిక్కంతా ఇక్కడ ఉన్నది.

ఒక పెండ్లి సంగతి చెబితే ఇది తేలికగా అర్థమౌతుంది. పిల్లవాడు గుంటూరువాడు. అమ్మాయిది మనం కాలికట్ అని పిలిచే కోజికోడ్. ఇద్దరూ బెంగుళూరులో ఒకే ఆఫీసులో పనిచేసేవారు. పెద్దలు మాట్లాడుకుని సంబంధం ఖాయం చేశారు. వలీమా గుంటూరులో. అమ్మాయి తరఫున ఇరవై ఆరుగురు, ఒక రాత్రీ పగలూ రైలులో కూర్చుని వచ్చారు. వరుని ప్రాణమిత్రుడు హిందువుల అబ్బాయి. డిగ్రీ మూడేళ్ళూ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. అతను మాట్లాడాలని వరుని తండ్రిగారు పట్టుబట్టి, "కాస్త ఒకసారి చూడండి భాయ్" అంటూ ఆ అబ్బాయి వ్రాసిన కాగితాన్ని నా దగ్గరకు పంపించారు.

ఆ అబ్బాయికి ముందుగా వచ్చిన సందేహం, "ఇంగ్లీషు ఎందుకండీ, ఉర్దూలో నాలుగు ముక్కలు చెబితే సరిపోదా?" అని. చాలామంది అనుకునేదే ఇది. ముస్లిములంటే అందరికీ ఉర్దూ వస్తుందని ఒక అభిప్రాయం. మన జిల్లాలలోనే నూర్‌బాషా కుటుంబాలు చాలావరకు ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాయి గదా. అమ్మాయివారిది వాణియంబాడి, ఆంబూరు వైపు అయితే ఉర్దూ చక్కగా పనికివచ్చేది, ఆ వైపు ఎన్నో ఇండ్లలో ఉర్దూయే మాట్లాడతారు. కాని కోజికోడ్ మాప్పిళ్ల కుటుంబాలకు ఇంటి భాష మలయాళం. మనం ఉర్దూ మాట్లాడితే వారు మర్యాదకు చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. కనుక మొదట చేయవలసిన పని, వచ్చేవారిలో ఎవరికి ఏ భాష వచ్చునో పెండ్లికూతురి ఇంటివారినే అడగడం. అడిగితే తెలిసింది ఇది. పిల్లలందరికీ ఇంగ్లీషు వచ్చును, తండ్రికి బాగా వచ్చును, తల్లికి కొద్దిగా వచ్చును, అమ్మమ్మకు మలయాళం తప్ప మరేదీ రాదు. అంటే ఇంగ్లీషు వాక్యం అమ్మమ్మ వరకు పోవాలంటే మనుమడు చెవిలో మలయాళంలో చెప్పాలి. కాబట్టి ఆ వాక్యం ఆ కుర్రవాడు ఒక్క గుక్కలో మార్చి చెప్పగలిగినంత చిన్నదిగా ఉండాలి.

ఇక మొదటి ప్రతి సంగతి. తెలుగు బాగానే వ్రాశాడు. ఇంగ్లీషు మాత్రం రెండు చోట్ల ఉన్నది. మొదట్లో, దూరం నుంచి విచ్చేసిన అతిథులకు సుస్వాగతం అని. చివరన, మీ రాకకు ధన్యవాదాలు, భోజనం చేసి వెళ్ళండి అని. మధ్యలో అసలైన కథ ఉన్నది. అదంతా తెలుగులోనే ఉన్నది!

నేను అతన్ని ఒక పని చేయమన్నాను. "బాబూ, తెలుగు పంక్తుల మీద ఒక కాగితం కప్పి, ఇంగ్లీషు మాత్రమే పైకి చదువు. ఆ ముక్కలు మాత్రమే విన్నవారికి నీ స్నేహితుడు ఎటువంటివాడో తెలిసిందా?" అతను చదివి, కాసేపు ఊరుకుని, "భోజనం ఉందని మాత్రం తెలిసిందండీ" అన్నాడు.

మీరు ఎవరి కాగితమైనా సరే, ఇలా పరీక్షించి చూడండి. స్వాగతం, ధన్యవాదం అనేవి నవ్వుతో, చేతులు జోడించడంతో కూడా తెలిసిపోతాయి. వాటికి భాషను ఖర్చు పెట్టనక్కరలేదు. ఉన్న పది పన్నెండు ఇంగ్లీషు వాక్యాలనూ సాక్ష్యానికి ఖర్చు పెట్టాలి.

అలాగని తెలుగులో చెప్పినదంతా మళ్ళీ ఇంగ్లీషులో చెప్పకూడదు. అలా చేస్తే నాలుగు నిమిషాలు ఎనిమిది అవుతాయి, సగం సభ ఎప్పుడూ దిక్కులు చూస్తూ ఉంటుంది. కథలో ఎముకలు మాత్రం ఇంగ్లీషులోకి రావాలి. ఎవరు, ఏమి చేశాడు, దాని వెల ఏమిటి, అంతే. ఏది ముందు అంటే, తెలుగే ముందు. సభలో ఎక్కువమంది మనవారే. వారి ముఖాలలో మార్పు చూసి, ఇక్కడ ఏదో చెప్పారని చుట్టాలు చెవులు రిక్కిస్తారు. వెంటనే ఇంగ్లీషు వస్తే అది వారికి బాగా నాటుకుంటుంది. ఇంగ్లీషు చెప్పిన తరువాత మాత్రం ఆగాలి. ఆ వరుసలో మనుమడు అమ్మమ్మ చెవిలో చెప్పే గుసగుస ఆగిందాకా ఆగి, అప్పుడు తెలుగు ఎత్తుకోవాలి. తొందరపడి ఎత్తుకుంటే రెండూ వినపడవు.

కథ విషయంలో కూడా ఒక సందేహం వచ్చింది. మొదటి ప్రతిలో, నా మిత్రుడు దయాళువు, ఉదారుడు, స్నేహశీలి అని మూడు విశేషణాలు ఉన్నాయి. అవి ఏ పెండ్లికొడుకుకైనా అతుకుతాయి. "ఉదారుడని నీకు ఎలా తెలుసు?" అని అడిగితే పరీక్ష ఫీజు సంగతి బయటపడింది. మరి ఇచ్చినవాడు దాచిపెట్టిన మంచిపనిని సభలో బయట పెట్టవచ్చునా? గుప్తంగా ఇచ్చే దానం మనకు ఎంతో ఉత్తమమైనది. పిల్లవాని తల్లిని అడిగాము. ఆమె, "ఇచ్చినవాడు చెప్పుకోకూడదు బాబూ, పుచ్చుకున్నవాడు చెప్పుకోవచ్చు" అన్నారు. ఆ మాటతో ఇక సందేహం లేకపోయింది. బీదరికం బయటపడేది మిత్రునిదే కాబట్టి, అతను ఇష్టపడితే అభ్యంతరం లేదు. అతను ఇష్టపడ్డాడు. ఒకవేళ కథలో బయటపడేది వరుని ఇంటి ఇబ్బంది అయితే మాత్రం చెప్పకూడదు.

మరొక చిన్న సంగతి, కాని పెద్ద నవ్వులపాలు కాకుండా తప్పిన సంగతి. తెలుగు భాగంలో ఆ అబ్బాయి కవితాధోరణిలో, "మా గుంటూరు ముద్దుపట్టి" అని వరుని వర్ణించాడు. తెలుగులో పట్టి అంటే బిడ్డ, మంచి పాత మాట. మలయాళంలో పట్టి అంటే కుక్క! తెలుగు రాకపోయినా ఆ ఒక్క మాట మాత్రం వారందరికీ స్పష్టంగా వినపడుతుంది. ఆ మాట తీసివేసి "ముద్దుబిడ్డ" అని పెట్టించాము. ప్రక్క భాష వారు వచ్చే సభలో ఇటువంటి మాటలు ఉన్నాయేమో చూడమని ఆ భాష తెలిసిన ఒకరికి ముందే చదివి వినిపించడం మంచిది.

చివరికి ఆ అబ్బాయి చదివిన పాఠం ఇది. అతని అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను. ఇంగ్లీషు వాక్యాలను కూడా అతను తన కాగితం మీద తెలుగు లిపిలోనే వ్రాసుకున్నాడు. చదివేటప్పుడు కన్ను ఒక లిపి నుంచి మరొక లిపికి దూకితే నాలుక తడబడుతుందని అలా చేశాడు. అదీ మంచి పద్ధతే.

"పెద్దలందరికీ అస్సలాము అలైకుమ్, నమస్కారం. నేను పెండ్లికొడుకు స్నేహితుణ్ణి. వాడిని 'వాడు' అనడానికి మా ఇద్దరి తల్లులు ఎప్పుడో అనుమతి ఇచ్చారు గనుక ఈ ఒక్కరోజుకు 'గారు' అనమని ఎవరూ అడగవద్దు. డిగ్రీ మూడేళ్ళు మేము ఒకే గదిలో ఉన్నాము. కిరసనాయిలు స్టవ్వు నాది, కుండ వాడిది. రంజానులో వాడికి సహరీకి అన్నం వండింది నేనే. అప్పుడప్పుడు మాడ్చింది కూడా నేనే.

డియర్ గెస్ట్స్ ఫ్రమ్ కోజికోడ్, ఐ యామ్ ది బ్రైడ్‌గ్రూమ్స్ ఫ్రెండ్. వుయ్ షేర్డ్ వన్ రూమ్ ఫర్ త్రీ ఇయర్స్. ఐ విల్ టెల్ యూ ఓన్లీ వన్ స్టోరీ.

రెండో సంవత్సరం పరీక్ష ఫీజు కట్టే ఆఖరురోజు నా దగ్గర డబ్బులు లేవు. ఆ సంవత్సరం మాకు పంట పోయింది. ఇంటికి వ్రాయడానికి మనసు ఒప్పలేదు. పరీక్ష మానేస్తానని వాడితో చెప్పి పడుకున్నాను. మధ్యాహ్నం లేచేసరికి నా పుస్తకంలో ఫీజు రశీదు ఉన్నది. ఎక్కడివిరా అంటే, 'మా మామ పంపాడులే, తర్వాత ఇద్దువు గాని' అన్నాడు. ఆ తర్వాత పది రోజులకు బక్రీదు. నమాజుకు వెళుతూ వాడు పాత నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు. కొత్త బట్టలు ఏవిరా అన్నాను. దర్జీ ఆలస్యం చేశాడన్నాడు. నేను నమ్మాను. రెండేళ్ళ తర్వాత ఒకరోజు అమ్మ, అంటే వాళ్ళమ్మగారు, అన్నం వడ్డిస్తూ మాటల్లో చెప్పింది. మామా లేడు, దర్జీ లేడు. అది వాడి పండుగ బట్టల డబ్బు.

వెన్ ఐ హ్యాడ్ నో మనీ ఫర్ మై ఎగ్జామ్ ఫీ, హీ పెయిడ్ ఇట్. ఇట్ వాజ్ ది మనీ ఫర్ హిజ్ ఈద్ క్లోత్స్. ఆన్ ఈద్ డే హీ వోర్ యాన్ ఓల్డ్ షర్ట్. హీ నెవర్ టోల్డ్ మీ. హిజ్ మదర్ టోల్డ్ మీ, టూ ఇయర్స్ లేటర్.

చెల్లెమ్మా, నీతో ఒక మాట. వాడికి ఒక లోపం ఉంది. ఏదైనా కష్టం వస్తే చెప్పడు. దర్జీ ఆలస్యం చేశాడంటాడు. ఇకమీదట వాడు దర్జీ పేరు ఎత్తినప్పుడల్లా నువ్వు గట్టిగా అడుగు. బిర్యానీ విషయం మాత్రం మీరిద్దరూ తేల్చుకోండి. మీ ఊళ్ళో చిన్న కైమా బియ్యంతో వండుతారట. మా ఊళ్ళో పొడుగు బియ్యం, పైగా గుంటూరు కారం.

ఉప్ప, ఉమ్మ, యువర్ డాటర్ హ్యాజ్ కమ్ టు ఎ గుడ్ హౌస్. వెన్ యూ మిస్ హర్, ప్లీజ్ కమ్. మై హౌస్ ఈజ్ ఓన్లీ త్రీ స్ట్రీట్స్ అవే, అండ్ షీ ఈజ్ మై సిస్టర్ నౌ.

అల్లాహ్ వీరిద్దరికీ బరకత్ ఇవ్వాలి, ఇద్దరినీ మేలులో కలిపి ఉంచాలి అని కోరుతున్నాను. అందరూ ఆమీన్ అనండి."

పాఠం ఇంతే. ఇందులో ఇంగ్లీషు వాక్యాలు పన్నెండుకు లోపే ఉన్నాయి. చిన్న చిన్న మాటలు. ఉప్ప, ఉమ్మ అనేవి ఆ వైపు తండ్రికీ, తల్లికీ వాడే పిలుపులు. ముందుగా ఎవరినైనా అడిగి అటువంటి పిలుపు ఒకటి తెలుసుకోవడానికి పెద్ద శ్రమ లేదు. దానితో ఇంగ్లీషు కూడా పరాయి భాషగా వినపడలేదు. పెండ్లికూతురి అందం గురించి ఒక్క మాట లేదు గమనించండి. చెల్లెమ్మా అనే పిలుపే చాలింది. ఇచ్చిపుచ్చుకున్న వాటి ప్రసక్తి లేదు, జీతం ప్రసక్తి లేదు, కాలేజీలో చేసిన అల్లరి లేదు. చివరి మూడింటితోనే చాలామంది మిత్రులు సభను ఇబ్బందిపెట్టేది.

బిర్యానీ మాటను మాత్రం ఇంగ్లీషులో చెప్పలేదు. అయినా కైమా అనే మాట వినగానే కోజికోడ్ వరుసలో అందరూ నవ్వారు. పేర్లకు తర్జుమా అక్కరలేదు.

సభ అయిన తరువాత అమ్మాయి తండ్రిగారు వచ్చి ఆ అబ్బాయి చేయి పట్టుకుని, ఆ చొక్కా ఏ రంగుది అని ఇంగ్లీషులో అడిగారు. ఇంగ్లీషులో రంగు చెప్పలేదు గదా, పాత చొక్కా అని మాత్రమే చెప్పాడు. నీలం అని చెప్పాడు. ఆయన తన భార్య వైపు తిరిగి మలయాళంలో ఏదో చెప్పారు. ఆమె లేచి వెళ్ళి వరుని తల్లి ప్రక్కన కూర్చున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చాలాసేపు చేయి చేయి పట్టుకునే కూర్చున్నారు. ఆమె బిడ్డను ఏ ఇంటిలో విడిచి వెళుతున్నారో ఆమెకు తెలిసింది. సాక్ష్యం చేరవలసిన చోటికి చేరిందని చెప్పడానికి ఇంతకంటె గుర్తు నాకు తెలియదు.

కనుక యువకులకు నా మనవి ఒక్కటే. రేపు మీ స్నేహితుని వలీమాలో మీరు కాగితం తీసినప్పుడు, తెలుగు మీ ఇష్టం వచ్చినంత అందంగా వ్రాయండి. ఇంగ్లీషు మాత్రం ఆ సభలో మీ స్నేహితుణ్ణి బొత్తిగా ఎరగనివారి కోసం వ్రాయండి. వ్రాసిన తరువాత తెలుగు మీద కాగితం కప్పి ఒకసారి చదువుకోండి.